బాలింత పళ్లెంలో ఆరువందల క్యాలరీలు ఎక్కడున్నాయి?

కడుపుతో ఉన్నప్పుడు అందరూ "ఇద్దరి తిండి తినాలి" అంటారు. కాన్పు కాగానే ఆ మాట ఆగిపోతుంది. పప్పు బంద్, పెరుగు బంద్, గుడ్డు బంద్. కారప్పొడి, నెయ్యి, రెండు పూటలా కొంచెం అన్నం. కానీ మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) లెక్క చూస్తే విషయం తలకిందులుగా కనిపిస్తుంది. 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం గర్భిణికి మామూలు కంటే రోజుకు 350 క్యాలరీలు ఎక్కువ కావాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600 ఎక్కువ కావాలి. అంటే తిండి పెరగాల్సిన సమయంలోనే మన ఇళ్లల్లో పళ్లెం చిన్నదవుతోంది.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాన్పుకు హన్మకొండలో అమ్మవాళ్లింటికి వచ్చాను. ఆపరేషన్ అయ్యింది. పథ్యం విషయంలో అమ్మమ్మ మాటే చివరి మాట. ఆమెతో వాదించే కన్నా ముందు లెక్క తెలుసుకుందామని మూడో వారంలో వంటింట్లోకి ఒక చిన్న డిజిటల్ కాంటా తెప్పించాను. ఐదు కిలోల వరకు తూచేది, గ్రాముల్లో చూపిస్తుంది. మూడు రోజులు నేను తిన్న ప్రతిదీ తూచి రాసుకున్నాను. ఆ లెక్కే ఇది.

ముందు ఆ 600 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అది తెలిస్తే ఎవరికి ఎంత వర్తిస్తుందో కూడా అర్థమవుతుంది. తల్లిపాలు తప్ప ఇంకేమీ తాగని బిడ్డ రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. వంద మిల్లీలీటర్ల తల్లిపాలలో దాదాపు 67 క్యాలరీలుంటాయి. అంటే బిడ్డ కడుపులోకి 500 క్యాలరీలు పోతున్నాయి. ఆ పాలు తయారు చేయడానికి కూడా ఒంటికి శక్తి ఖర్చవుతుంది. మనం తిన్న నూరు క్యాలరీల్లో ఎనభై మాత్రమే పాలుగా మారతాయని లెక్క. కాబట్టి 500 ఇవ్వాలంటే 625 తినాలి. ఇందులో కొంత భాగం గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో పేరుకున్న కొవ్వు నుంచి వస్తుంది. బాగా తిని, బరువు బాగా పెరిగిన తల్లికి ఆ నిల్వ నుంచి రోజుకు 170 క్యాలరీల దాకా రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్ఏఓ కలిసి వేసిన లెక్క చెబుతోంది. సన్నగా ఉండి, గర్భంలో పెద్దగా బరువు పెరగని తల్లికి ఆ నిల్వ లేదు. ఆమె అంతా పళ్లెం నుంచే తెచ్చుకోవాలి.

ప్రొటీన్ కథ ఇంకొంచెం కఠినం. రోజు పాలలో పోయే ప్రొటీన్ ఎనిమిది గ్రాముల చిల్లర మాత్రమే. చూడ్డానికి ఎంత, ఒక గుడ్డు కంటే కాస్త ఎక్కువ. కానీ తిన్న ప్రొటీన్‌లో సగం కూడా పాల ప్రొటీన్‌గా మారదు. అందుకే ఎనిమిది ఇవ్వడానికి రెట్టింపు తినాలి. ఎన్ఐఎన్ అంకె 16.9 గ్రాములు. మామూలు ఆడమనిషికి, 55 కిలోల బరువుంటే, రోజుకు 45.7 గ్రాములు కావాలి. రెండూ కలిపితే 62.6. క్యాలరీలు కూడా అంతే, కూర్చుని చేసే పనులున్న ఆడమనిషికి 1660, పైన 600, మొత్తం 2260. ఈ రెండు అంకెలు, 2260, 62.6, ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాను.

ఇక తూచడం. విడిగా తినే పల్లీలు, అరటిపండు తూచడం సులువే. గిన్నెలో నలుగురికి కలిపి వండినదాన్ని ఎలా? కందిపప్పు, పప్పుచారు, కూర, అన్నీ అంతే కదా. దీనికి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. వండే ముందు పచ్చి పప్పు తూచాలి. వండాక ఖాళీ గిన్నె బరువు తీసేసి మొత్తం పప్పు తూచాలి. తర్వాత నా గిన్నెలో వేసుకున్నది తూచాలి. షీట్‌లో ఒకే ఒక్క ఫార్ములా:

```
=B2*D2/C2
```

B2లో పచ్చి సరుకు బరువు, C2లో వండిన మొత్తం బరువు, D2లో నా వాటా. మా ఇంట్లో ఒక రోజు మిగతావాళ్ల కోసం టమాట పప్పు వండారు. 150 గ్రాముల కందిపప్పు, వండాక 900 గ్రాములు అయ్యింది. ఒక గరిటె, అంటే 120 గ్రాములు వేసుకుంటే అందులో అసలు పప్పు 20 గ్రాములే. వంద గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కాబట్టి ఆ గరిటెలో నాలుగు గ్రాముల చిల్లర. పప్పుచారు అయితే ఇంకా దారుణం. వంద గ్రాముల పప్పుతో నలుగురికి రెండు పూటలు సరిపోయేంత చారు కాస్తారు. ఒక్కొక్కరి వాటాకు పన్నెండు గ్రాముల పప్పు, మూడు గ్రాముల లోపు ప్రొటీన్. "రోజూ పప్పు తింటున్నాం కదా" అనే మాట వెనుక చాలా ఇళ్లలో ఉన్నది ఇంతే.

అన్నానికి ఇంత కష్టపడక్కర్లేదు. పచ్చి బియ్యం వండితే దాదాపు మూడు రెట్లు అవుతుంది. పళ్లెంలో 300 గ్రాముల అన్నం ఉంటే బియ్యం వంద గ్రాములన్నట్టు. వంద గ్రాముల బియ్యానికి 356 క్యాలరీలు, ఎనిమిది గ్రాముల ప్రొటీన్. ఈ అంకెలన్నీ ఎన్ఐఎన్ 2017లో వేసిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల నుంచి తీసుకున్నాను. విదేశీ యాప్‌లలో "రైస్ వన్ కప్" అని కొడితే వచ్చే అంకెల జోలికి పోలేదు, ఆ కప్పు ఎంతో మనకు తెలియదు.

మూడు రోజుల్లో మధ్య రోజును ఇక్కడ చెప్తాను. మిగతా రెండూ దీనికి అటూ ఇటూగానే ఉన్నాయి.

పొద్దున ఏడింటికి వంద మిల్లీలీటర్ల పాలతో కాఫీ, రెండు చెంచాల చక్కెర. 100 క్యాలరీలు, 3 గ్రాముల ప్రొటీన్. తొమ్మిదింటికి రెండు ఇడ్లీలు, కారప్పొడి, ఒక చెంచా నెయ్యి. 165 క్యాలరీలు, 4 గ్రాములు. మధ్యాహ్నం 120 గ్రాముల బియ్యం అన్నం, మూడు చెంచాల నెయ్యి, ఎల్లిగడ్డ కారం, బీరకాయ కూర. 685 క్యాలరీలు, పదకొండున్నర గ్రాములు. సాయంత్రం సొంటి వేసి కాచిన పాలు ఒక గ్లాసు, రెండు బ్రెడ్ ముక్కలు. 260 క్యాలరీలు, ఎనిమిదిన్నర. రాత్రి 80 గ్రాముల బియ్యం అన్నం, రెండు చెంచాల నెయ్యి, కారం, మిగిలిన కూర. 435 క్యాలరీలు, ఏడున్నర గ్రాములు.

కూడితే 1645 క్యాలరీలు, ముప్పై నాలుగున్నర గ్రాముల ప్రొటీన్.

క్యాలరీల అంకె చూడండి. మామూలు ఆడమనిషికి కావాల్సిన 1660కి దాదాపు సమానం. అంటే నేను పాలిస్తున్నట్టు నా పళ్లానికి ఇంకా తెలియదు. లోటు సరిగ్గా ఆ 600 పైచిలుకే. ప్రొటీన్ అయితే పాలివ్వని మనిషికి కావాల్సిన దానికి కూడా పదకొండు గ్రాములు తక్కువ. అందులోనూ సగానికి పైగా బియ్యం, ఇడ్లీ, బ్రెడ్ నుంచి వచ్చింది. ధాన్యాల్లో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పు, పాలు, గుడ్డు తోడైతేనే ఆ ధాన్యపు ప్రొటీన్ కూడా ఒంటికి పూర్తిగా పనికొస్తుంది. మనవాళ్లు అన్నంలో పప్పు కలుపుకోవడం వెనుక ఉన్న లాభం అదే. పథ్యం పేరుతో సరిగ్గా దాన్నే తీసేస్తున్నాం.

నెయ్యి బాగానే పోస్తున్నారు, అది మంచిదే. ఆ ఆరు చెంచాల నెయ్యే లేకపోతే క్యాలరీలు 1400 దగ్గరే ఆగేవి. ఎల్లిగడ్డతో, సొంటితో నాకు గొడవ లేదు. నోటికి రుచి, కడుపుకు హాయి. పేచీ అంతా తీసేసినవాటి గురించే.

అమ్మమ్మను అడిగాను, పప్పు ఎందుకు వద్దని. "కుట్లకు చీము పడ్తది బిడ్డా. నా కాన్పులప్పుడు నెల దాకా ముట్టలే" అంది. ఈ మాట వరంగల్‌లో ఏ ఇంటికి పోయినా వినిపిస్తుంది. కుట్టు దగ్గర చీము పట్టేది క్రిములు చేరడం వల్ల. తెగిన చర్మం, కండరం మళ్లీ అతుక్కోవాలంటే కావాల్సిన సరుకే ప్రొటీన్. నన్ను చూసిన డాక్టరమ్మ కూడా "మూడో రోజు నుంచి అన్నీ తినమ్మా" అనే చెప్పి పంపింది. అయినా అమ్మమ్మ భయాన్ని తీసిపారేయలేను. ఆమె కాలంలో కాన్పు తర్వాత జ్వరమొచ్చి పోయిన ఆడవాళ్లను ఆమె చూసింది. ఏ తిండి తిన్నాక జ్వరమొచ్చిందో అదే గుర్తుండిపోయింది.

అందుకే వాదన పెట్టకుండా ఆమె ఒప్పుకునే దారుల్లోనే లోటు పూడ్చాం. పెసరపప్పు సలవ అంది. మరి దోరగా వేయిస్తే? "ఏయిస్తే సలవ పోతది, తినొచ్చు" అంది. అలా వేయించిన పెసరపప్పు 40 గ్రాములు, రెండు పూటలకు కలిపి, గట్టిగా వండింది. నలుగురి గిన్నెలో కాదు, నా ఒక్కదానికి చిన్న గిన్నెలో. 130 క్యాలరీలు, 9 గ్రాముల ప్రొటీన్. పల్లీలు పైత్యం చేస్తాయని ఆమె నమ్మకం, కానీ పల్లి పొడి కారప్పొడే కదా! ఎల్లిగడ్డ కారంలోనే 30 గ్రాముల వేయించిన పల్లీలు దంచి కలిపింది అమ్మ. 155 క్యాలరీలు, 7 గ్రాములు. రాత్రి అన్నానికి తోడు ఒక జొన్నరొట్టె, 50 గ్రాముల పిండితో. దీనికి అమ్మమ్మే సంతోషపడింది, జొన్న బలమని. 165 క్యాలరీలు, 5 గ్రాములు. ఉడకబెట్టిన గుడ్డు ఒకటి, 70 క్యాలరీలు, ఆరున్నర గ్రాములు. పెరుగు అన్నిటికన్నా కష్టమైంది. మధ్యాహ్నం పూట, ఫ్రిజ్‌లో పెట్టనిది, చిన్న గిన్నెడు అనే షరతు మీద నాలుగో వారంలో ఒప్పుకుంది. 150 గ్రాములు, 90 క్యాలరీలు, నాలుగున్నర గ్రాములు.

ఈ ఐదూ కూడితే 610 క్యాలరీలు, 32 గ్రాములు. పాత పళ్లానికి కలిపితే 2255 క్యాలరీలు, అరవై ఆరున్నర గ్రాములు. బయటి నుంచి ఒక్క డబ్బా కొనలేదు. గుడ్డు తినని ఇళ్లలో దాని బదులు ఇంకో గ్లాసు పాలు, 200 మిల్లీలీటర్లు తాగితే ప్రొటీన్ దాదాపు అంతే వస్తుంది, క్యాలరీలు కాస్త ఎక్కువే వస్తాయి.

ఇదంతా ఒకేసారి తినడం కుదరదని కూడా తెలిసింది. పసిబిడ్డ రెండు గంటలకోసారి లేస్తుంది, కూర్చుని నిండుగా తినే పూట దొరకదు. అందుకే జొన్నరొట్టె సగం చేసి సాయంత్రానికి జరిపాం, గుడ్డు పదకొండింటికి. మూడు పూటల తిండి ఐదు పూటలైంది. రాత్రి రెండింటికి పాలిచ్చాక విపరీతమైన ఆకలి వేసేది. మంచం పక్కన డబ్బాలో రెండు పల్లీపట్టీలు ఉండేవి. అవి లెక్కలో లేవు, బోనస్ అనుకోండి.

ప్రభుత్వం ఈ లోటును గుర్తించలేదనుకోవద్దు. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట నిండు భోజనం పెడుతున్నారు. అన్నం, పప్పు, కూరగాయలు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. గుడ్డు, పాలు కలిపితేనే ప్రొటీన్ పన్నెండు గ్రాములు దాటుతుంది. పప్పు, అన్నం చేరితే బాలింతకు కావాల్సిన ఆ 16.9 ఒక్క పూటలోనే తీరిపోతుంది. లెక్క తెలిసినవాళ్లు వేసిన పళ్లెం అది. చిక్కంతా అక్కడికి పోయి తినడంలో ఉంది. మా వీధిలో కాన్పై వచ్చిన ఇంకో అమ్మాయిని, ఇరవై ఒక్కరోజు దాటేదాకా గడప దాటనివ్వలేదు. తర్వాత కూడా గాలి తగులుతుందని పంపలేదు. ఇంట్లోనేమో పప్పు బంద్. అంటే ప్రొటీన్ అన్నిటికన్నా అవసరమైన వారాల్లో ఆమెకు రెండు వైపులా తలుపులు మూసేశారు.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం రావాలి. అమ్మమ్మలంతా ఆ పథ్యంతోనే పిల్లలను పెంచారు కదా, పాలు రాలేదా? వచ్చాయి. దీని మీద మనవాళ్లే పనిచేశారు. ఎన్ఐఎన్ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. ఆ కూనూరు రోజుల్లో డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల తిండినీ, పాలనూ పరిశీలించారు. అరకొర తిండితోనే ఆ తల్లులు నెలల తరబడి బిడ్డలకు పాలిచ్చారు. ఒళ్లు ముందు బిడ్డకు కావాల్సింది పంపి, మిగిలింది తల్లికి ఉంచుతుంది. పాలలో ప్రొటీన్, క్యాలరీలు అంత తేలిగ్గా తగ్గవు. తగ్గేది తల్లి కండ, తల్లి కొవ్వు. బి12 లాంటి కొన్ని విటమిన్లు మాత్రం తల్లిలో తక్కువైతే పాలలోనూ తగ్గుతాయి.

కాబట్టి "పాలు వస్తున్నాయి కదా" అనేది తల్లి సరిగా తింటోందనడానికి ఆనవాలు కాదు. రెండు లెక్కలూ వేరువేరుగా చూడాలి. బిడ్డకు పాలు చాలుతున్నాయో లేదో బిడ్డే చెబుతుంది. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లైనా ఉచ్చ పోయాలి, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి, తర్వాత రోజుకు ఇరవై, ముప్పై గ్రాములు పెరగాలి. పాలు పెరగాలంటే ముఖ్యంగా చేయాల్సింది బిడ్డను ఎక్కువసార్లు పట్టించడం. తీసిన కొద్దీ ఊరతాయి. తల్లికి గుడ్డు పెట్టగానే సాయంత్రానికి పాలు పొంగవు.

తల్లి లెక్క బరువు కాంటా చెబుతుంది. కాన్పైన మొదటి రెండు వారాల్లో నీరు దిగి బరువు గబగబా తగ్గుతుంది, దాన్ని పక్కన పెట్టండి. ఆ తర్వాత నెలకు అర కిలో నుంచి కిలో వరకు తగ్గడం మామూలు. ఒంట్లోని కొవ్వు నుంచి రోజుకు 170 క్యాలరీలు తీస్తే నెలకు దాదాపు ముప్పావు కిలో అవుతుంది, సరిగ్గా ఆ లెక్కే. రోజుకు 600 లోటుతో నడిస్తే నెలకు రెండున్నర కిలోల దాకా పోతుంది. ప్రొటీన్ కూడా తక్కువైతే అందులో కండ వాటా ఎక్కువ. నెలకు రెండు కిలోల కంటే ఎక్కువ తగ్గుతుంటే, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే "బాలింత నీరసం" అని సర్దుకోకుండా డాక్టర్‌కు చూపించుకోవాలి. రక్తం తక్కువైనా ఇలాగే ఉంటుంది, దానికి పల్లీలు సరిపోవు, ఐరన్ మాత్రలు వాడాలి. కాన్పు తర్వాత ఆరు నెలలు ఇచ్చే ఆ మాత్రలను చాలామంది నెలకే ఆపేస్తారు.

నీళ్ల సంగతి ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. "నీళ్లు తాగితే పొట్ట వస్తది" అని గ్లాసు కొలిచి ఇస్తారు. రోజుకు ముప్పావు లీటరు పాల రూపంలో బయటికి పోతుంటే దాహం వేయకుండా ఎలా ఉంటుంది? దాహం వేసినప్పుడల్లా తాగాలి, అంతే.

నా అంకెలు అందరికీ అచ్చంగా సరిపోవు. 62 కిలోల తల్లికి మామూలు ప్రొటీనే యాభై ఒకటిన్నర గ్రాములు, కిలోకు 0.83 చొప్పున. దానికి పదిహేడు కలిపితే అరవై ఎనిమిది పైన. పొలం పనికో, కూలికో పోయే తల్లికి 1660 కాదు, పని బరువును బట్టి 2130 నుంచి మొదలుపెట్టాలి, దాని పైన 600. షుగర్ ఉన్నవాళ్లు, కవలలకు పాలిచ్చేవాళ్లు డాక్టర్‌ను అడిగే లెక్క వేసుకోవాలి. గర్భంలో ఇరవై కిలోలు పెరిగినవాళ్లు క్యాలరీలు కొంచెం తగ్గించుకున్నా ఫర్వాలేదు కానీ ప్రొటీన్ తగ్గించకూడదు.

ఆరు నెలలు నిండి బిడ్డకు ఉగ్గు మొదలుపెట్టాక పాలు తాగడం తగ్గుతుంది. అప్పుడు అదనంగా కావాల్సింది 520 క్యాలరీలు, 13.2 గ్రాముల ప్రొటీన్. పెద్దగా తేడా లేదు, ఒక జొన్నరొట్టెలో సగం తీసేస్తే అయిపోతుంది. మా చాలామందికి మెటర్నిటీ లీవు సరిగ్గా ఆ సమయానికే అయిపోతుంది. ఇరవై ఆరు వారాలు. ఆఫీసు క్యాంటీన్‌లో మధ్యాహ్నం పళ్లెం తీసుకుంటే మళ్లీ అదే పలుచని సాంబారు, మళ్లీ అదే మూడు గ్రాముల ప్రొటీన్. అందుకని ఇప్పటి నుంచే బాక్సు లెక్క వేసి పెట్టుకున్నాను. గట్టి పప్పన్నం ఒక గిన్నె, ఉడికిన గుడ్డు, పెరుగు, సాయంత్రం నాలుగింటికి గుప్పెడు పల్లీలు. అమ్మమ్మ చూసి, "ఆఫీసుకు పోతున్నవా, పొలానికి పోతున్నవా" అంది.